ఫెయిలైన ఐఎంపీఎస్ బదిలీలో కట్ అయిన రూ. 46,000 తిరిగి జమ చేయాలని ఫిర్యాదు

మల్కాజిగిరి, హైదరాబాద్ – 500047
తేదీ: 24 నవంబర్ 2025, సోమవారం

నోడల్ అధికారి గారికి,
కస్టమర్ ఫిర్యాదుల విభాగం,
ద్వారా: బ్రాంచ్ మేనేజర్ గారు, మల్కాజిగిరి శాఖ.

విషయం: 6 నవంబర్ 2025 రాత్రి ఫెయిలైన బదిలీలో నా ఖాతా నుంచి పోయిన రూ. 46,000, దానిపై నష్టపరిహారం ఇప్పించడం గురించి.

సూచిక: యాప్‌లో 8 నవంబర్‌న ఇచ్చిన ఫిర్యాదు నంబర్ 25110804417; శాఖలో 10 నవంబర్‌న ఇచ్చిన లేఖ.

అయ్యా,

మీ మల్కాజిగిరి శాఖలో 4471తో ముగిసే సేవింగ్స్ ఖాతా నాది. పదకొండేళ్లుగా నా జీతం అందులోనే పడుతోంది. అడగాల్సింది ముందే అడిగేస్తాను: మీ యాప్ ఫెయిలైందని చెప్పిన బదిలీని మీ ఫిర్యాదుల విభాగం సక్సెస్ అంటోంది. సక్సెస్ అయితే ఆ డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి?

నవంబర్ 6, గురువారం రాత్రి 9:42కి వరంగల్‌లో ఉండే మా తమ్ముడి ఖాతాకు మీ మొబైల్ యాప్ నుంచి ఐఎంపీఎస్‌లో రూ. 46,000 పంపాను. మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కు మర్నాడు పొద్దున ఎనిమిదిలోపు ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టాలి. ఓటీపీ కొట్టాక చక్రం దాదాపు నిమిషం తిరిగింది. తర్వాత ఎర్ర గుర్తుతో Transaction Failed అని వచ్చింది. ఆ తెర ఇంకా ఫోన్‌లో ఉండగానే, 9:43కి, రూ. 46,000 డెబిట్ అయినట్టు ఎస్ఎంఎస్ దిగింది. స్క్రీన్‌షాట్‌లో రెండూ ఒకేచోట కనిపిస్తాయి: పైన మీ మెసేజ్, కింద మీ యాప్ తెర. ఈ లావాదేవీ ఆర్ఆర్ఎన్ 531021748306.

9:50కి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. పద్నాలుగు నిమిషాలు లైన్‌లో ఉంచాక, "24 గంటల్లో ఆటోమేటిక్‌గా వెనక్కి పడిపోతాయి మేడమ్" అన్నారు. ఆసుపత్రి 24 గంటలు ఆగదు కాబట్టి 10:11కి మళ్లీ రూ. 46,000 పంపాను. అది వెళ్లింది, తమ్ముడికి అందింది. దాని ఆర్ఆర్ఎన్ 531022115947. ఆ రోజు సాయంత్రం రూ. 97,312 ఉన్న నా ఖాతాలో చివరికి రూ. 5,312 మిగిలాయి.

శుక్రవారమంతా చూశాను, ఏమీ పడలేదు. 8న రెండో శనివారం కావడంతో బ్యాంకు లేదు. యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాను. సోమవారం 10వ తేదీ పొద్దున నా స్కూటర్ లోన్ ఈఎంఐ రూ. 11,240 బ్యాలెన్స్ లేక బౌన్స్ అయింది. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. బౌన్స్ ఛార్జీ కింద జీఎస్టీతో కలిపి రూ. 590 మీరు కోశారు, ఆలస్య రుసుము కింద రూ. 450 ఫైనాన్స్ కంపెనీ వేసింది. మీ దగ్గర ఇరుక్కున్న నా డబ్బులో నాలుగో వంతు ఉన్నా ఆ ఈఎంఐ వెళ్లిపోయేది.

అదే రోజు శాఖకు వచ్చి లేఖ ఇచ్చాను. కౌంటర్‌లో ఉన్నాయన, "ఏడు వర్కింగ్ డేస్ ఆగండి, ఇక్కడ లెటర్ ఎందుకు, అంతా సిస్టమే చూసుకుంటుంది" అన్నారు. ముద్ర వేసివ్వడానికి అరగంట పట్టింది. ఆ ముద్ర ఉన్న కాపీ జతచేశాను. 17న ఎస్ఎంఎస్ వచ్చింది: డబ్బులు లబ్ధిదారు ఖాతాకు జమయ్యాయి, ఫిర్యాదు ముగించాము అని. 18న శాఖకు ఈమెయిల్ పెట్టి ఏ ఖాతాకు, ఏ సమయానికి జమయ్యాయో చెప్పమన్నాను. ఈ రోజు వరకు జవాబు లేదు.

20న మా తమ్ముడు తన బ్యాంకుకు వెళ్లి నవంబర్ 6 నుంచి 20 వరకు స్టేట్‌మెంట్ ముద్రతో తీసుకున్నాడు. అందులో నా నుంచి వచ్చిన జమ ఒక్కటే ఉంది: 6వ తేదీ, రూ. 46,000, ఆర్ఆర్ఎన్ 531022115947. అంటే రెండోసారి పంపినది. మొదటి నంబర్ ఆ స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు. రెండు మొత్తాలూ ఒకటే కావడంతో మీవాళ్లు రెండోదాని జమ చూసి మొదటిదాన్ని మూసేశారేమోనని నా అనుమానం. దయచేసి మొత్తాన్ని కాదు, ఆర్ఆర్ఎన్‌ను పట్టుకుని చూడండి.

ఇక గడువుల సంగతి. ఫెయిలైన లావాదేవీలపై రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఐఎంపీఎస్‌లో పంపినవారి ఖాతాలో డెబిట్ అయి అవతలి ఖాతాలో జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా డబ్బు వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. అదీ ఖాతాదారు అడిగే దాకా ఆగకుండా. అందులో లెక్కించేది క్యాలెండర్ రోజులను. ఏడు వర్కింగ్ డేస్ అనే మాట ఐఎంపీఎస్‌కు అక్కడ లేదు, కాబట్టి రెండో శనివారం, ఆదివారం తీసేయడానికి వీల్లేదు. నా గడువు నవంబర్ 7తో ముగిసింది. 8 నుంచి నేటి వరకు 17 రోజులు, రూ. 1,700. డబ్బు వెనక్కి పంపాల్సింది అవతలి బ్యాంకే అనుకున్నా, దాన్ని మీరూ వాళ్లూ తేల్చుకోవాలి. నా ఖాతా ఉన్నది మీ దగ్గర, కోసిందీ మీ దగ్గరే.

కాబట్టి రూ. 46,000, పరిహారం రూ. 1,700, మీరు కోసిన బౌన్స్ ఛార్జీ రూ. 590, ఫైనాన్స్ కంపెనీకి నేను కట్టిన రూ. 450, మొత్తం రూ. 48,740 నా ఖాతాలో జమ చేయండి. జమ ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ ఇంకో రూ. 100 కలపండి. ఈఎంఐ బౌన్స్ అయింది బ్యాంకు వైపు జాప్యం వల్లేనని ఫైనాన్స్ కంపెనీకి చూపించుకోవడానికి ఒక లేఖ కూడా ఇవ్వండి. నాకు డబ్బుల కంటే నా సిబిల్ రికార్డుపైనే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఒకవేళ మొదటి బదిలీ సక్సెస్ అయిందనే మీరు ఇంకా అంటే, ఆ ఆర్ఆర్ఎన్‌కు వచ్చిన రెస్పాన్స్ కోడ్, జమైన ఖాతా చివరి నాలుగంకెలు, జమైన సమయం రాతపూర్వకంగా తెలపండి. నోటి మాటగా వద్దు.

డిసెంబర్ 1, సోమవారం సాయంత్రం వరకు ఎదురుచూస్తాను. ఆలోగా పరిష్కారం కాకపోతే cms.rbi.org.in ద్వారా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఇవే కాగితాలతో ఫిర్యాదు చేస్తాను. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా అక్కడికి వెళ్లవచ్చు. మీ 17వ తేదీ మెసేజ్‌నే జవాబనుకుంటే నేను ఈ రోజే వెళ్లవచ్చు. మీ శాఖతో ఉన్న పరిచయం వల్ల వారం ఆగుతున్నాను.

ఈ లేఖ అందినట్టు తేదీతో ముద్ర వేసిన కాపీ ఇప్పించగలరు.

భవదీయురాలు,
ఎం. సుజాత
ఖాతా చివరి అంకెలు: 4471

జతపరిచినవి: 6వ తేదీ రాత్రి 9:43 నాటి స్క్రీన్‌షాట్, నవంబర్ 1 నుంచి 23 వరకు నా స్టేట్‌మెంట్, రెండు డెబిట్లకూ, బౌన్స్ ఛార్జీకీ కింద గీత గీసినది, కస్టమర్ కేర్‌కు చేసిన కాల్ వివరాలు, 10వ తేదీ లేఖ, శాఖ ముద్రతో, 17వ తేదీ ఎస్ఎంఎస్, 18వ తేదీ ఈమెయిల్ ప్రింట్లు, తమ్ముడి స్టేట్‌మెంట్, మిగతా లావాదేవీలు కనపడకుండా చేసి, అతని అనుమతితో, ఫైనాన్స్ కంపెనీ రసీదు. అన్నీ జిరాక్సులే, ఒరిజినల్స్ నా దగ్గర ఉన్నాయి.