బావా, కుల్ ఆమ్ వ ఇంత బ్ఖేర్!

బావా,

నీకు పన్నెండు కొట్టేసరికి ఇక్కడ దుబాయ్‌లో నాకు పదిన్నర. ఇప్పుడు తొమ్మిదీ నలభై. నేను పనిచేసే ఇంటి ముసలామె యద్దూకి కాళ్లకి నూనె రాసి పడుకోబెట్టి వచ్చాను. ఫోన్‌లో మాట్లాడితే నీ పక్కన పిల్లలుంటారు, అత్త ఉంటుంది, నేను అనాలనుకున్నవి సగం అనలేను. అందుకే ఇదంతా టైప్ చేస్తున్నాను. తప్పులుంటే పెద్దదానికి చూపించకు, ఎనిమిదో తరగతికి వచ్చాక మరీ టీచరమ్మ అయిపోయింది.

పైన రాసింది నువ్వు చదవగలవులే. ఏటేటా నువ్వు చల్లగా ఉండాలి అని. ఈ ఇంట్లో చిన్నపిల్ల చేత నాలుగుసార్లు చెప్పించుకుని నేర్చుకున్నాను. నువ్వు అనడానికి మగవాళ్లకైతే ఇంత, ఆడవాళ్లకైతే ఇంతి అట. నీ దగ్గర నేర్చుకున్న అరబ్బీతో వచ్చిన కొత్తలో యద్దూని కూడా ఇంత అనేశాను. ఆ ముసలామె పళ్లు లేని నోటితో ఎంత నవ్విందో! "ఇంతి, ఇంతి" అని తన గుండె మీద తట్టుకుని చూపించింది. ఏడేళ్లు దుబాయ్‌లో ఉండి నువ్వు నేర్చుకున్నది ఇదా బావా? అయినా క్యాంపులో అందరూ మగాళ్లే కదా, నీకు ఇంతి అవసరం ఎక్కడొచ్చిందిలే. రాకపోవడమే మంచిదైంది.

నీ పాస్‌పోర్టులో ఉన్న జూన్ 1 నాడు నేనెప్పుడూ శుభాకాంక్షలు చెప్పలేదు, చెప్పను కూడా. అది బడిలో మాస్టారు తనకు తోచింది వేసిన తేదీ. అత్త లెక్కే నా లెక్క. 1986 గోదావరి వరదలో, ఆగస్టు పదిహేను జెండా ఎగరేసిన రెండో రోజున, ఊరంతా ఎక్కి కూర్చున్న బడి వరండాలో నువ్వు పుట్టావు. చుట్టూ నీళ్లు, తాగడానికి మాత్రం చుక్క లేదు, కొబ్బరిబోండాలు కొట్టి తాగారని అత్త చెప్పినప్పుడల్లా ఆమె కళ్లు ఇప్పటికీ తలుపు వైపే చూస్తాయి, నీళ్లు ఎంతవరకూ వచ్చాయో అన్నట్టు. ఇవాళ్టికి ముప్ఫై తొమ్మిది నిండి నలభైలో పడ్డావు. తల నెరిసిందని మొన్న వీడియోలో టోపీ పెట్టుకున్నావు చూడు, ఇంట్లో టోపీ ఎవడైనా పెట్టుకుంటాడా? నాకు తెలిసిపోయింది.

నువ్వు మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు గుర్తుందా? రాజోలు బస్టాండులో ఆటో అబ్బాయిని త్వరగా పదమనడానికి "యల్లా, యల్లా" అన్నావు. వాడు తన పేరు ఎల్లారావు కాదన్నాడు. చీటీ పాట డబ్బుకి వచ్చినాయనతో డబ్బుల్లేవనడానికి "మాఫీ ఫులూస్" అన్నావు, ఆయన బాకీ మాఫీ చేయమంటున్నావేమోనని ఇంట్లోకి కూడా రాకుండా వెనక్కి తిరిగాడు. నాకు చెడ్డ చిరాగ్గా ఉండేది. రెండేళ్లకోసారి వచ్చే మొగుడు, వచ్చిన ముప్ఫై రోజులూ నాకు రాని భాషలో సగం మాట్లాడతాడు. అక్కడ ఇంకో సంసారం ఉందేమో అన్నంత కోపం వచ్చేది నాకు, నిజం చెబుతున్నాను.

పాప సైకిలు అడిగితే "బుక్రా" అనేవాడివి. అది ఏదో సైకిలు కంపెనీ పేరనుకుని పక్కింటి పిల్లలందరికీ చెప్పుకుంది పిచ్చిది. రేపు అని అర్థమని తరవాత తెలిసింది. ఆ మాట నీకు ఎవరు నేర్పారో మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ కంపెనీ పేరు ఎత్తను, మూడు నెలలు జీతం ఆపి రోజూ బుక్రా, బుక్రా అన్నారని నువ్వు చెప్పలేదు, నీతో పాటు పనిచేసిన మన పక్క లంక అతను చెప్పాడు, కరామాలో కూరగాయల దగ్గర కనిపించి. ఆ మూడు నెలలూ నువ్వు నాకు డబ్బు పంపావు బావా. ఎవరి దగ్గర తెచ్చావు? పొద్దున్నా రాత్రీ ఖుబ్జ్ రొట్టె, ఉల్లిపాయ తిని గడిపావట. నేనేమో ఆ నెలలోనే మిక్సీ కొనమని గొడవపెట్టాను.

ఈ ఆగస్టులో నేను బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే పది నిమిషాలకి కళ్లు తిరుగుతాయి. క్లిప్పు ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని ఎండాకాలంలో ఇక్కడ రూలు ఉంది కదా. మరి పన్నెండింటికి ఎలా ఉంటుంది, మూడున్నరకి ఎలా ఉంటుంది అని నేనెప్పుడూ ఆలోచించలేదు. నువ్వు ఆ ఇనప గొట్టాల మీద నిలబడింది ఆ ఎండలోనే. నడుము పోయి 2019లో ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఒకటే మాట అన్నావు, "ఖలాస్." అయిపోయింది అని. సంచి కింద పెట్టి గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డావు, కూర్చోలేక. ఆ మాట మీద నాకు ఎంత పగ పట్టిందో చెప్పలేను.

దాని సంగతి చెప్పాలి నీకు. మొన్న మా యజమానురాలు మామా ఖర్జూరాలు తెప్పించింది, ఇప్పుడు కొత్తకాయ సీజన్. బంగారు రంగులో, నోట్లో పెడితే బెల్లం పాకంలా కరిగిపోయింది. పేరేంటంటే ఖలాస్ అంది! ఆ రాతే అట, ఆ మాటే అట. ఇక్కడివాళ్లు మహా ఇష్టంగా తినే రకం. నేను పళ్లెం పట్టుకుని నవ్వుతుంటే పనెక్కువై మతిపోయిందనుకుంది మామా. నీ కోసం ఒక పెట్టె తీసి ఉంచాను. అమలాపురం ఆవిడ వచ్చే నెల పదికి వెళ్తోంది, ఆవిడ చేత పంపుతాను. అత్తకి షుగరు, ఒక్కటే ఇవ్వు. చిన్నోడికి కనపడనివ్వకు.

మామా అంటే గుర్తొచ్చింది, మామయ్యకి ఇంకా ఆ కోపం తగ్గలేదా? "మామా ఇవాళ అరిచింది" అని నేను ఫోన్‌లో అంటే "నేనెప్పుడు అరిచానే?" అని పాపం ఆయన లేచి వచ్చేశాడు. ఇక్కడ యజమానురాలిని అలాగే పిలవాలని ఈసారైనా సరిగ్గా చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. వదిన నాకు ఫోన్ చేసింది. కొబ్బరి కొట్టులో ఎవరో నిన్ను పెళ్లాం సంపాదన తింటున్నాడని అన్నారట, నువ్వు దింపు లెక్కల పుస్తకం మూసేసి ఇంటికి వచ్చేశావట, ఆ రాత్రి అన్నం తినలేదట. ఎవరన్నారో నేను అడగలేదు. అడిగితే వచ్చేటప్పుడు వాళ్లింటికే ముందు వెళ్తాను, నా నోరు సంగతి నీకు తెలుసు. నువ్వు ఏడేళ్లు పంపితే నేను తిన్నాను. మొగుడి సంపాదన తింటోందని నన్ను ఒక్కళ్లైనా అన్నారా? పైగా దుబాయ్ వాళ్లావిడ అని పేరంటంలో ముందు పీట వేశారు. ఇప్పుడు 1,500 దిర్హాములు నేను తెస్తే నీకు పీట తీసేస్తారా?

పోయిన మంగళవారం పొద్దున వీడియో పెట్టావు చూడు, ఫోన్‌ని ఉప్పు జాడీకి ఆనించి. బడికి టైమైపోతోంది. పాప నీ ముందు పీట మీద కూర్చుని ఏడుపు మొహం, నీ పళ్ల మధ్య దువ్వెన, మణికట్టుకి రిబ్బను చుట్టుకుని జడ అల్లుతున్నావు. చిక్కు తగిలి అది కేక వేస్తే దువ్వెన తీయకుండానే "ష్వయ్ ష్వయ్" అన్నావు. మెల్లిగా, మెల్లిగా అని. నువ్వు పాపకి చెప్పావో నీ వేళ్లకి చెప్పుకున్నావో. ఒక జడ చెవి మీదికి, ఒకటి మెడ మీదికి వచ్చాయి. అది అద్దం చూసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయింది. పదమూడేళ్ల పిల్ల అలా ఏమీ అనకుండా వెళ్లిందంటే, బావా, అది నిన్ను ఎంత చూసుకుంటుందో నీకు తెలియడం లేదు.

ఆ వీడియో నా భుజం మీంచి యద్దూ చూసింది. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమెది సగమే వచ్చు. కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని "రయ్యాల్ జేన్" అంది. మంచి మగాడు అని. కొట్టులో కూర్చున్న వాళ్లకి ఆ మాట చెప్పు. చెప్పవులే. నేనే వచ్చి చెబుతాను.

నీకు బ్యాంకులో రెండు వేలు ఎక్కువ వేశాను. అది గాజుల మీద తెచ్చిన అప్పుకి కట్టేయకు, చెప్పులు కొనుక్కో. మడమ దగ్గర అరిగి నువ్వు పక్కకి ఒరిగి నడుస్తున్నావు, నడుముకి అది మంచిది కాదని డాక్టర్ చెప్పాడు కదా. అత్త చేత పాయసం చేయించుకో. కేక్ పాప కోరిక, వద్దనకు.

రేపు ఆదివారం నాకు సెలవు. ఎండ తగ్గాక క్రీక్ దగ్గరికి వెళ్లి అబ్రా పడవ ఎక్కుతాను. ఇప్పటికీ ఒక్క దిర్హామే. నువ్వు శుక్రవారం శుక్రవారం ఊరికే అటూ ఇటూ తిరిగేవాడినని చెప్పావు కదా, పని లేక తిరిగాడనుకున్నాను. ఎక్కితే అర్థమైంది. చెక్క బల్ల, ఇంజను చప్పుడు, మొహం మీద నీళ్ల తడి, కళ్లు మూసుకుంటే అచ్చం మన గోదావరి దాటించే పంటు. అక్కడి నుంచి బోటిమ్‌లో వీడియో చేస్తాను, నీకు ఎనిమిదవుతుంది. నువ్వు ఎక్కడ కూర్చునేవాడివో చూపించు.

ఇంకొకటి. జనవరితో నా రెండేళ్లూ అయిపోతాయి. మామా వీసా మళ్లీ వేయిస్తానంటోంది, వంద పెంచుతానంటోంది. గాజుల అప్పు ఇంకా లక్షా ఇరవై ఉంది. ఇంకో పక్క సంక్రాంతి, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు, చిన్నోడు ఈసారి ఎవరి భుజమెక్కి చూస్తాడో. నీ నడుముతో నువ్వు ఎక్కించుకోకూడదు. ఏం చెప్పను అని నిన్న మామా వంటగదిలో నిలబెట్టి అడిగితే నా నోట ఏం వచ్చిందో తెలుసా? "బుక్రా." అనేసి నాకే నవ్వొచ్చింది, తరవాత గిన్నెలు తోముతుంటే ఏడుపొచ్చింది.

నువ్వేమంటావు? డబ్బు లెక్క కాకుండా చెప్పు. అప్పు సంగతి నాకూ తెలుసు.

అదిగో, యద్దూ దగ్గుతోంది. నీళ్లిచ్చి వస్తాను. పది ఇరవై అయింది. పడుకోకు, ఫోన్ సైలెంట్‌లో పెట్టకు. టోపీ తీసి కూర్చో.

నీ
మరదలు