విషయం: ఫెలోషిప్ వదులుకుంటున్నాను, వెయిటింగ్ లిస్టులోని వారికి కేటాయించగలరు

ఫెలోషిప్ ఎంపిక కమిటీ అధ్యక్షురాలు గారికి,

నమస్కారం మేడమ్.

నాకు మంజూరైన మూడేళ్ల పరిశోధక ఫెలోషిప్‌ను నేను తీసుకోవడం లేదు. ఇదే నా తుది నిర్ణయం. వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్నవారికి ఈ రోజే కబురు పెట్టవచ్చు, నా నుంచి ఇంకో ధ్రువీకరణ కోసం ఆగనక్కర్లేదు.

జూన్ 3న మీ అంగీకార పత్రం మీద సంతకం చేశాను. అంతకు ముందే దరఖాస్తు చేసిన మరో సంస్థ నుంచి 10న పిలుపు వచ్చింది. అక్కడ ఐదేళ్ల పాటు జీతం ఇస్తారు, భూగర్భ జలాలు కొలిచే పరికరాలూ వాళ్లవే. ఒకేసారి రెండు చోట్ల ఆర్థిక సహాయం పొందకూడదని మీ నిబంధన, వాళ్లదీ అంతే. మీ దగ్గర ఏడాది వాయిదా అడుగుదామా అని ఒక పూట ఊగిసలాడిన మాట నిజం. అడిగితే ఆ ఏడాదంతా ఒక సీటు నా పేరున ఖాళీగా పడి ఉంటుంది. అందుకే అడగలేదు. సంతకం చేశాక వెనక్కి తగ్గి మీ ఆఫీసుకు రెండోసారి పని పెట్టినందుకు మాత్రం క్షమించండి.

ఇంటర్వ్యూ చివర్లో మీ ఎడమ పక్కన కూర్చున్న సభ్యులు ఒక ప్రశ్న వేశారు: "బోరు ఎంత లోతు వేశారో యజమాని తప్పు చెబితే మీకెలా తెలుస్తుంది?" నేను నీళ్లు నమిలాను. ఆయన రెట్టించలేదు, నా ప్రతిపాదన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న గీత గీసి ఊరుకున్నారు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ప్రతి బోరు దగ్గరా యజమాని చెప్పిన లోతు ఒక గడిలో, టేపు దించి మేం కొలిచింది ఇంకో గడిలో రాస్తాం. ఆయనకు అభ్యంతరం లేకపోతే థీసిస్ కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు, ఆ ప్రశ్న రాసుకుంటాను. దయచేసి ఈ ముక్క ఆయనకు చేరవేయండి.

మిగిలినవి ఆఫీసు పనులు. మొదటి విడత డబ్బు నా ఖాతాలో పడలేదు, దారిలో ఉంటే ఆపించండి. పొరపాటున పడితే అదే రోజు తిప్పి పంపుతాను. పరిచయ సమావేశానికి మీరు తీసిన రైలు టికెట్ నిన్న రద్దు చేశాను. క్యాన్సిలేషన్ కింద కోత పడిన మొత్తం నేను కడతాను, ఏ ఖాతాకో చెప్పండి. ఎంపికైనవారి జాబితా ఇంకా ప్రకటించకపోతే అందులోంచి నా పేరు తీసేయండి. నాకు సిఫార్సు లేఖలు రాసిన ఇద్దరు గురువులకూ విషయం చెప్పాను. ఒకరు కాస్త కోప్పడ్డారు, అది నేను పడాల్సిందే.

వచ్చే ఏడాది తొలి వడపోతలో దరఖాస్తులు చదవడానికి మనుషులు తక్కువైతే నాకు చెప్పండి. సుమారు ఇరవై వరకు శ్రద్ధగా చదవగలను.

ఈ ఉత్తరం అందినట్టు ఒక్క ముక్క రాస్తే చాలు.

కృతజ్ఞతలతో,
దరఖాస్తు సంఖ్య 117
జూన్ 12