ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మతాల వారీ జనాభా, 1971–2011: జనగణన అంకెలు ఎంతవరకు చెబుతాయి?

1971 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో హిందువులు 87.63 శాతం, ముస్లింలు 8.09 శాతం, క్రైస్తవులు 4.19 శాతం. నలభై ఏళ్ల తర్వాత, 2011లో, ఈ వాటాలు వరుసగా 88.46, 9.56, 1.34 శాతం. ఈ ఆరు అంకెలు పక్కపక్కన పెట్టగానే కథలు అల్లుకోవడం మొదలవుతుంది. రాష్ట్రంలో హిందువుల వాటా పెరిగిందని ఒకరు, ముస్లింల వాటా పెరిగిందని ఇంకొకరు, క్రైస్తవం కరిగిపోయిందని మరొకరు అంటారు. మూడు మాటలకూ ఈ పట్టికలో ఆధారం దొరుకుతుంది. అయితే ఆ ఆధారం ఎంత బరువు మోయగలదన్నది వేరే ప్రశ్న, ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితమవుతుంది.

ముందుగా, మొదలుపెట్టే సంవత్సరాన్ని బట్టి ధోరణి దిశే మారిపోతుంది. హిందువుల వాటా 1971లో 87.63, 1981లో 88.75, 1991లో 89.14, 2001లో 89.01, 2011లో 88.46 శాతం. 1971 నుంచి లెక్కిస్తే ఇది 0.83 పాయింట్ల పెరుగుదల, 1991 నుంచి లెక్కిస్తే 0.68 పాయింట్ల తగ్గుదల. రెండూ నిజమే. ఒకదాన్ని మాత్రమే చూపించి, రెండోదాన్ని పాఠకుడికి కనబడకుండా చేసే వ్యాసం అబద్ధం చెప్పకుండానే తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి అయిదు జనగణనల అంకెలూ ఉన్నప్పుడు అయిదింటినీ ఇవ్వాలి. అవి ఒకే దిశలో సాగలేదన్న సంగతిని కూడా అంతే స్పష్టంగా రాయాలి.

ఈ అయిదు అంకెల్లో మొదటి దశాబ్దమే అన్నిటికన్నా ఎక్కువ పరిశీలన కోరుతుంది. 1971లో రాష్ట్రంలో క్రైస్తవులుగా నమోదైనవారు 18.23 లక్షలు. 1981లో 14.33 లక్షలు. మొత్తం జనాభా 23 శాతం పెరిగిన పదేళ్లలో ఒక సమూహం సంఖ్య అయిదో వంతుకు పైగా తగ్గింది. జననాలు, మరణాలతో ఇంతటి తగ్గుదల రావాలంటే ఆ ఒక్క సమూహంలోనే పెద్ద విపత్తు జరిగి ఉండాలి, లేదా లక్షల మంది రాష్ట్రం విడిచి పోయి ఉండాలి. అలాంటివేవీ జరగలేదు. అంటే ఇక్కడ మారినది ప్రధానంగా ఎన్యూమరేటరుకు చెప్పిన, లేదా ఎన్యూమరేటరు రాసుకున్న సమాధానం. 1991లో 12.16 లక్షలు, 2001లో 11.82 లక్షలు, 2011లో 11.30 లక్షలుగా తగ్గుదల ఆ తర్వాత కూడా సాగింది, కానీ మొదటి దశాబ్దంలో కనిపించిన వేగం మళ్లీ రాలేదు.

సమాధానం ఎందుకు మారి ఉంటుందో ఆలోచించడానికి జనగణన పత్రాన్నే చూడాలి. 2011 కుటుంబ పత్రంలో ఏడో ప్రశ్న మతం గురించి. హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన మతాలకు 1 నుంచి 6 వరకు కోడ్‌లు ఉంటాయి. వేరే ఏ పేరు చెప్పినా కోడ్ లేకుండా ఆ పేరు పూర్తిగా రాసుకోవాలి. దాని వెంటనే ఎనిమిదో ప్రశ్న షెడ్యూల్డు కులమా, షెడ్యూల్డు తెగా అన్నది. తెగ విషయంలో మతంతో నిమిత్తం లేదు. కులం విషయంలో ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా మొదట హిందువులకే పరిమితం, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన దళితులు చట్టం దృష్టిలో బీసీ-సి వర్గంలోకి వస్తారు, ఆ వర్గానికి దక్కే రిజర్వేషన్ ఒక్క శాతం. ఏడో ప్రశ్నకు క్రైస్తవం అని చెప్పిన కుటుంబాన్ని ఎనిమిదో ప్రశ్నలో ఎస్సీగా రాయడానికి ఎన్యూమరేటరుకు వీలుండదు. మాలపల్లెలో, మాదిగవాడలో ఒక ఇంటి గడపలో నిలబడి వరుసగా ఈ రెండు ప్రశ్నలు అడిగితే, మొదటి సమాధానాన్ని రెండోది ప్రభావితం చేసే అవకాశం ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి బలం చేకూర్చే అంకె ఒకటి ఉంది. అదే 1971–81 దశాబ్దంలో రాష్ట్ర జనాభాలో షెడ్యూల్డు కులాల వాటా సుమారు 13.3 శాతం నుంచి 14.9 శాతానికి పెరిగింది. పెరుగుదల 1.6 పాయింట్లు, క్రైస్తవుల వాటాలో తగ్గుదల 1.5 పాయింట్లు. ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండటం చూసి, ఒకటి నేరుగా రెండోదానిలోకి మారిందని రాసేయాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం షెడ్యూల్డు కులాల జాబితాలపై ఉన్న ప్రాంతీయ పరిమితులను చాలా వరకు తొలగించింది, దానివల్ల కూడా కొత్తగా జాబితాలోకి వచ్చినవారు ఉన్నారు. కాబట్టి 1.6 పాయింట్లలో ఎంత భాగం చట్ట సవరణది, ఎంత భాగం మత సమాధానం మారడానిది అన్నది ఈ పట్టికలు విడదీయలేవు. రెండు ధోరణులు ఒకే కాలంలో, దాదాపు ఒకే పరిమాణంలో కనిపించాయని, వాటి మధ్య సంబంధం ఉండటానికి చట్టపరమైన కారణం ఉందని మాత్రం రాయవచ్చు.

ఇందుకే ఇటు అటు రెండు అతిశయోక్తులనూ నేను అంగీకరించలేను. క్రైస్తవులు 4.19 శాతం నుంచి 1.34 శాతానికి పడిపోయారు కాబట్టి మతమార్పిడుల చర్చకే అర్థం లేదనడం ఒకటి. లెక్కలోకి రానివారిని కలిపితే వాస్తవ సంఖ్య ఇన్ని రెట్లు ఉంటుందని చేతికొచ్చిన అంకె వేయడం రెండోది. జనగణన పట్టిక విశ్వాసాన్ని కొలవదు, చర్చికి వెళ్లేవారిని లెక్కించదు. ఒక నిర్దిష్ట చట్ట వ్యవస్థ కింద ఇచ్చిన సమాధానాన్ని నమోదు చేస్తుంది. దాచిన సమాధానాలు ఉన్నాయనడానికి కారణం చూపించగలం గాని, వాటి సంఖ్యను అదే పట్టిక నుంచి రాబట్టలేం. ఆ సంఖ్య పేరుతో ఒక్కో కుటుంబాన్నీ అబద్ధాలకోరుగా చిత్రించడం అన్యాయం కూడా.

ముస్లింల విషయంలో సమస్య వేరు. ఉమ్మడి రాష్ట్రంలో వారి వాటా 8.09, 8.47, 8.91, 9.17, 9.56 శాతంగా ప్రతి జనగణనలోనూ పెరిగింది, ఇందులో సందేహం లేదు. అయితే 1981–91లో సుమారు 30.7 శాతంగా ఉన్న వారి దశాబ్ద వృద్ధి 1991–2001లో 17.9 శాతానికి, 2001–11లో 15.7 శాతానికి తగ్గింది. అదే కాలంలో మొత్తం జనాభా వృద్ధి 24.2 నుంచి 14.6కు, ఆపై 11.0 శాతానికి తగ్గింది. వృద్ధి సగానికి పడిపోయినా వాటా పెరుగుతూనే ఉండటంలో వైరుధ్యం లేదు. రెండు సమూహాల వృద్ధీ తగ్గుతున్నప్పుడు వాటాను నిర్ణయించేది వాటి మధ్య తేడా. ఆ తేడా కూడా నునుపుగా తగ్గలేదని ఒప్పుకోవాలి: పై అంకెల ప్రకారం 6.5 నుంచి 3.3కు తగ్గి, తర్వాత 4.7 పాయింట్లకు పెరిగింది. ఈ చివరి పెరుగుదలను పట్టుకుని కొత్త ధోరణి మొదలైందనడానికి ఒక్క దశాబ్దం చాలదు. హైదరాబాదు లాంటి నగరానికి పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడేవారిని, ఇక్కడే పుట్టినవారిని మతాల పట్టిక వేరు చేయదు కూడా.

పుట్టుకల గురించి చెప్పాలంటే మరో మూలానికి వెళ్లాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మొత్తం సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1992–93లో హిందువుల్లో 3.30, ముస్లింలలో 4.41, 2019–21 నాటికి 1.94, 2.36. అంతరం 1.11 నుంచి 0.42కు దిగింది. ప్రాంతం చూపే ప్రభావం మతం చూపేదానికన్నా తక్కువేమీ కాదు: 2019–21 సర్వేలో కేరళ ముస్లింల రేటు బిహార్ హిందువుల రేటుకన్నా తక్కువ. అయినా యువతరం ఎక్కువగా ఉన్న సమూహం, రేటు తగ్గిన తర్వాత కూడా కొంతకాలం వేగంగానే పెరుగుతుంది. అందుకే ఇప్పటి తేడానే శాశ్వతమనుకుని వందేళ్ల ముందుకు గీత గీయడం ఎంత తప్పో, తేడా రేపే పోతుందనడం కూడా అంతే తప్పు.

ప్రాంతం మారిందో లేదో చూడకుండా రెండు అంకెలను పోలిస్తే ఏమవుతుందో 2004లో దేశమంతా చూసింది. 2001 మతాల పట్టికలు వెలువడినప్పుడు, 1991–2001లో ముస్లింల వృద్ధి 36 శాతమన్న వార్త పెద్ద అక్షరాలతో వచ్చింది. లెక్క సులువే. 1991లో 10.16 కోట్లు, 2001లో 13.82 కోట్లు. కానీ 1991లో జమ్మూకశ్మీర్‌లో జనగణన జరగలేదు. 2001 సంఖ్యలో మాత్రం ఆ రాష్ట్రంలోని 68 లక్షల ముస్లింలు ఉన్నారు. వారిని తీసేసి లెక్కిస్తే 13.14 కోట్లు, వృద్ధి సుమారు 29 శాతం. వృద్ధి పెరిగిందన్న వార్త తలకిందులైంది. నిజానికి అది అంతకుముందు దశాబ్దం కన్నా తగ్గింది. సవరించిన అంకెలు వెంటనే వచ్చాయి గాని, మొదటి శీర్షిక చేసిన పని చేసేసింది.

అలాంటి ఉచ్చు ఇప్పుడు మన ముందూ ఉంది. 2011 అంకెలను విభజన సరిహద్దుల ప్రకారం తిరిగి లెక్కిస్తే ముస్లింల వాటా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 7.3 శాతం, తెలంగాణలో 12.7 శాతం. రాబోయే పట్టికలో ఆంధ్రప్రదేశ్ పేరు ఎదుట ఏడున్నర శాతం కనిపిస్తే, పాత పుస్తకంలోని 9.56తో పోల్చి భారీ తగ్గుదల అని రాసేవారు ఉంటారు. తెలంగాణలో 13 కనిపిస్తే, అదే 9.56తో పోల్చి భారీ పెరుగుదల అనేవారూ ఉంటారు. రెండు సందర్భాల్లోనూ పోలిక జరగాల్సింది ఒకే జిల్లాల సముదాయం మధ్య.

కాలవ్యవధి కూడా ఇకపై పదేళ్లు కాదు. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడి, దేశంలో అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా నోటిఫికేషన్ వెలువడింది. 2011 నుంచి ఇది పదహారేళ్లు. ఉదాహరణకు ఒక సమూహం ఈ పదహారేళ్లలో 20 శాతం పెరిగిందనుకుందాం. దశాబ్దానికి కుదిస్తే అది సుమారు 12 శాతమే. 2001–11 నాటి ఏ అంకె పక్కనైనా పెట్టాల్సింది ఆ 12ను గాని, 20ని కాదు.