ఆరో రోజే ఊడిన జాకీలు

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు స్లాబ్ మందం 150 మి.మీ., స్పాన్ 5.5 మీటర్లు. డ్రాయింగ్ ప్రకారం దాన్ని కింద నుంచి మోసే జాకీలు 14 రోజులు ఉండాలి. పై అంతస్తు సెంట్రింగ్‌కు జాకీలు చాలక, ఆరో రోజే సగం విప్పమని ప్రాజెక్ట్ మేనేజర్ చెప్పాడు. ఆధారంగా అదే కాంక్రీటుతో పోసి ల్యాబ్ తొట్టిలో నానబెట్టిన పరీక్ష క్యూబుల బలం చూపాడు: 17 మెగాపాస్కల్. రాత్రుళ్లు చలి ఎక్కువ. స్లాబ్ పక్కనే ఉంచిన క్యూబులు 11 దగ్గరే ఆగాయి. డిజైన్ బలం 25. పై స్లాబ్ పచ్చి కాంక్రీటే చదరపు మీటరుకు 3.75 కిలోన్యూటన్లు, ఈ స్లాబ్‌కు లెక్కలో తీసుకున్న లైవ్ లోడ్ 3.

సైట్ ఇంజనీర్ అభ్యంతరం చెప్పింది. "రిజిస్టర్‌లో పద్నాలుగో రోజని రాసి సంతకం పెట్టమ్మా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడాయన. అప్పటికే మేస్త్రి మనుషులు రెండు వరుసలు విప్పేశారు. స్లాబ్ కింద ప్లంబర్లు పనిచేస్తున్నారు.

చర్చించండి:

1. ఏ క్యూబులను నమ్మాలి? ఎందుకు?
2. ఆమె మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి? ప్లంబర్లతో మొదలుపెట్టి వరుసగా రాయండి.
3. విప్పినచోట జాకీలు మళ్లీ బిగిస్తే పాత స్థితి వచ్చేస్తుందా? స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను ఏం అడగాలి?
4. స్లాబ్‌కు ఏమీ కాకపోతే ఆ సంతకం తప్పు కాకుండా పోతుందా?
5. జాకీలు అద్దెకు తెస్తే ఆగిపోయే గొడవ ఇది. అయినా ఎవరూ తేలేదు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?