జర్నల్ క్లబ్: స్టేజ్ 4 సీకేడీలో క్లోర్‌థాలిడోన్, క్లిక్ ట్రయల్

సార్, మేడమ్, అందరికీ నమస్తే. ఈ వారం పేపర్ క్లిక్ ట్రయల్, 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అగర్వాల్ వాళ్ల టీమ్ వేసింది. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి పోతే థయజైడ్ పనిచేయదు, లూప్‌కి మార్చేయాలి అని మనందరం ఎంబీబీఎస్ నుంచీ బట్టీ పట్టిన మాటే, దాన్ని ప్లాసిబో పెట్టి గట్టిగా పరీక్షించారు కాబట్టి ఇదే తీసుకున్నా.

మొత్తం 160 మంది, ఈజీఎఫ్ఆర్ 15 నుంచి 30 లోపు, సగటున మూడుకి పైగా బీపీ మందులు వేసుకుంటున్నా కంట్రోల్ కానివాళ్లు. 12.5 ఎంజీతో మొదలుపెట్టి నాలుగు వారాలకోసారి పెంచుతూ 50 దాకా వెళ్లారు, 12 వారాలు, డబుల్ బ్లైండ్. 60 శాతం మంది లూప్ మీద ఉన్నారు, అందుకే రాండమైజేషన్‌ని లూప్ వాడకం బట్టి స్ట్రాటిఫై చేశారు, ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే లూప్ వాళ్లంతా ఒకే ఆర్మ్‌లో పడి ఉంటే రిజల్ట్‌ని నమ్మలేం.

ప్రైమరీ ఔట్‌కమ్ 24 గంటల ఆంబులేటరీ సిస్టాలిక్. మందు ఆర్మ్‌లో 11.0 తగ్గింది, ప్లాసిబోలో 0.5, తేడా 10.5, 95 శాతం సీఐ 6.4 నుంచి 14.6. అంటే తక్కువలో తక్కువ వేసుకున్నా 6 పాయింట్లు, అది క్లినిక్‌లో పనికొచ్చే తేడానే. యూరిన్ ఎక్కువ రావడం చూసి పేషెంట్ తను ఏ ఆర్మ్‌లో ఉన్నాడో కనిపెట్టేయొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు, నిజమే, బ్లైండింగ్ కొంత లీక్ అయ్యే ఛాన్స్ ఉంది, కానీ రీడింగ్ తీసేది నిద్రలో కూడా కొట్టుకునే మెషిన్, దాని మీద ఆ ప్రభావం పెద్దగా ఉండదు.

అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో కూడా ప్లాసిబో కంటే 50 పర్సెంటేజ్ పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఇక్కడ మాత్రం ఆగుదాం, 160 మందితో 12 వారాల్లో డయాలసిస్ తగ్గిందా, స్ట్రోక్ తగ్గిందా అనేది తెలియదు, ఈ పేపర్ చూపించి కిడ్నీని కాపాడుతుంది అని కేస్ షీట్‌లో రాయకండి.

సైడ్ ఎఫెక్ట్స్ తేలిగ్గా తీసుకునేవి కావు. హైపోకలీమియా, క్రియాటినిన్ పెరగడం (ఆపితే తిరిగి తగ్గేదే), షుగర్, యూరిక్ యాసిడ్, కళ్లు తిరగడం, అన్నీ మందు ఆర్మ్‌లోనే ఎక్కువ.

మన పేషెంట్లకి వర్తిస్తుందా? ట్రయల్‌లో 76 శాతం మంది డయాబెటిక్స్. షుగర్, బీపీతో కిడ్నీ పోయినవాళ్లకి దగ్గరగానే ఉంది, కానీ ఉద్దానం నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి షుగరూ ఉండదు, ప్రొటీనూ పెద్దగా పోదు, పైగా ఎండలో పొలం పని, డీహైడ్రేషన్. వాళ్లకి ఈ రిజల్ట్ అతికించడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

నా వరకు, మూడు మందులకీ లొంగని స్టేజ్ 4 పేషెంట్‌కి 12.5తో మొదలుపెడతా, లూప్ మీద ఉంటే ఇంకా జాగ్రత్తగా, రెండు మూడు వారాల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటా. ఆ టెస్టులకి మళ్లీ రాలేను అనే పేషెంట్‌కి మాత్రం రాయను.