కొత్త అధ్యక్షురాలు గారికి సి బ్లాకు నివాసుల అభినందన లేఖ

నిజాంపేట, హైదరాబాద్
ఫిబ్రవరి 9

మన అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షురాలు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం జరిగిన సర్వసభ్య సమావేశంలో మీరు అధ్యక్షురాలిగా ఎన్నికైనందుకు సి బ్లాకులోని అరవై కుటుంబాల తరఫున హృదయపూర్వక అభినందనలు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూనే జీతం లేని ఈ బాధ్యత తలకెత్తుకున్నారు. అందుకు మా కృతజ్ఞతలు. మీ మీద పోటీ చేసినవారికి ఓటేసిన ఇళ్లు కూడా మా బ్లాకులో ఉన్నాయి. ఈ ఉత్తరం మీద వాళ్లూ సంతోషంగా సంతకం చేశారు.

ఎండలు ముదరకముందే మీ దృష్టికి తేవాలనుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి ఫిర్యాదులు కావు, మా ఆశలు.

అన్నిటికన్నా ముందు నీళ్లు. మన రెండు బోర్లలో ఏది ఎంత పోస్తోందో ఎక్కడా రాసి లేదు. రోజూ ఉదయం ఆరింటికి రెండు బోర్ల మీటర్లు, మంజీరా కనెక్షన్ మీటరు, వచ్చిన ట్యాంకర్ల లెక్క ఒకే పుస్తకంలో రాయిస్తే నీళ్లు తగ్గుతున్న సంగతి వారం రెండు వారాల ముందే తెలుస్తుంది. అప్పుడు ట్యాంకర్లు తొందరలేకుండా మాట్లాడుకోవచ్చు. బోరులో నీళ్లు తగ్గాక కూడా మోటారు తిరుగుతూ ఉంటే వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. నీళ్లు లేనప్పుడు దానంతటదే ఆగిపోయే డ్రై రన్ రక్షణ స్టార్టర్లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంకుడు గుంతల్లో పైపొర మీద మట్టి పేరుకుంటే వాన నీరు లోపలికి దిగదు. మే నెలాఖరులోపు ఆ మట్టి తీయించి, పైనున్న ఇసుక మార్పిస్తే జూన్ వానలు వృథా పోవు. వేసవిలో నీళ్లు చాలకపోతే ఫైర్ ట్యాంకులోవి వాడుకుందామన్న మాట వస్తుంది. దానికి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోవద్దని మా మనవి.

మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ వాసన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బాల్కనీలు అటువైపే. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు దానిలోకి గాలి పంపే బ్లోయర్ ఆపేస్తుంటారు. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందాలి. గంటల తరబడి అందకపోతే అవి చచ్చిపోతాయి, నీరు కుళ్లి వాసన కొడుతుంది, ఫ్లష్‌లోకి నల్లటి నీళ్లు వస్తాయి. మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. ఏరేషన్ ట్యాంకు నీటిని లీటరు గాజు జాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. అడుగున 250 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా గోధుమరంగు మడ్డి పేరుకుని, పైన తేట నీళ్లుంటే బాగున్నట్టే. వంద కూడా లేకపోతే సూక్ష్మజీవులు చాలడం లేదు. ఆరేడు వందలకు పెరిగితే మిగులు మడ్డిని తీసేయడం లేదని అనుమానించాలి. ఆపరేటర్ రోజూ ఈ అంకె నోటీసు బోర్డు మీద రాస్తే చాలు.

డబ్బు విషయంలో మా కోరిక చిన్నది. నెల ఖర్చుల పట్టిక పదో తేదీలోపు అందరికీ పంపండి. కార్పస్ నిధి ఫిక్స్‌డ్ డిపాజిట్లను రోజువారీ ఖర్చులతో కలపకండి. లిఫ్టు తాళ్లు మార్చాల్సి వచ్చినా, బయటి గోడలకు రంగులు వేయించాల్సి వచ్చినా అదే ఆధారం. మెయింటెనెన్స్ పెంచాల్సి వస్తే ఒక్క లెక్క చూడండి: ఇప్పుడు అడుగుకు మూడున్నర చొప్పున 1,900 అడుగుల ఫ్లాటుకు 6,650 రూపాయలు. నాలుగు చేస్తే 7,600. సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటినప్పుడు, ఫ్లాటుకు నెలకు 7,500 మించితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. పెద్ద ఫ్లాట్ల వాళ్లకు ఆ భారం ముందే చెప్పి, ఆడిటర్‌ను అడిగి నిర్ణయిస్తే తర్వాత గొడవలుండవు.

పాత కార్యవర్గం చేసిన సేవ మాకు గుర్తుంది. వాళ్ల దగ్గరనుంచి బ్యాంకు పత్రాలు, లిఫ్టు, జనరేటర్ కాంట్రాక్టులు, బీమా, ఫైర్ పరికరాల కాగితాలు, డ్రాయింగులు జాబితా రాసి ఇరువైపులా సంతకాలతో తీసుకోండి. కొత్త కార్యవర్గం వివరాలు రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వడం, చెక్కుల మీద సంతకందారులను మార్చడం ఆలస్యమైతే వాచ్‌మెన్ల జీతాలే ముందు ఆగుతాయి. వాళ్లకు ఐదో తేదీకల్లా జీతం అందాలని మేమంతా కోరుకుంటున్నాం.

మీటర్ల పుస్తకం చూసుకోవడానికి మా బ్లాకు నుంచి ఇద్దరు, లెక్కలు సరిచూడడానికి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ముందుకొచ్చారు. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి క్లబ్‌హౌస్‌లో మీకు వీలైతే కలుస్తాం. వేరే రోజైనా సరే, మీరు చెప్పండి.

అభినందనలతో,
సి బ్లాకు నివాసులు
(సంతకాల కాగితం జతపరిచాం)