సెప్టెంబరు 1, 2, 3 తేదీల్లో మన బ్యాంకు సేవలు ఆగిపోవడం గురించి ఖాతాదారులకు వివరణ

తేదీ: 8 సెప్టెంబరు 2025, సోమవారం

గౌరవనీయులైన ఖాతాదారులకు,

సెప్టెంబరు 1 సోమవారం ఉదయం 6.40 గంటల నుంచి 3వ తేదీ బుధవారం సాయంత్రం 4 గంటల వరకు మన బ్యాంకులో యూపీఐ, ఏటీఎం, మొబైల్ యాప్, నెఫ్ట్ సేవలన్నీ నిలిచిపోయాయి. శాఖల కౌంటర్లలో కూడా మంగళవారం మధ్యాహ్నం దాకా నగదు ఇవ్వలేకపోయాము. అంటే రెండు రోజులకు పైగా మీ డబ్బు మీ చేతికి అందలేదు. దీనికి బాధ్యత బ్యాంకుదే. మీ అందరికీ క్షమాపణ చెబుతున్నాము.

దీని గురించి 2వ తేదీన మేము పంపిన ప్రకటనను ఉపసంహరించుకుంటున్నాము. "కొందరు ఖాతాదారులకు స్వల్ప అసౌకర్యం కలిగి ఉండవచ్చు" అని అందులో రాశాము. కొందరికి కాదు, 18,400 మంది ఖాతాదారులందరికీ సేవలు ఆగిపోయాయి. అది స్వల్పమైనదీ కాదు. నెల మొదటి రోజు జీతం పడి, ఇంటి అద్దె కట్టలేకపోయినవారు ఉన్నారు. ఆసుపత్రి బిల్లు చెల్లించలేక, డిశ్చార్జి రాసిన తరువాత కూడా ఒక పూట అక్కడే ఉండిపోయినవారు ఉన్నారు. మార్కెట్ యార్డులో హమాలీలకు కూలి ఇవ్వలేక వ్యాపారులు, ఆ కూలి అందక హమాలీలు ఇబ్బంది పడ్డారు. "మా నియంత్రణలో లేని సాంకేతిక కారణాలు" అని రాసిన మాట కూడా నిజం కాదు. కారణాలు మా నియంత్రణలోనే ఉన్నాయి. "వదంతులు నమ్మవద్దు, సంయమనం పాటించండి" అని మీకు హితవు చెప్పడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. సమాచారం ఇవ్వవలసిన మేము ఇవ్వనప్పుడు మీరు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం సహజం. ఆ ప్రకటన స్థానంలో ఈ వివరణను చదవాలని కోరుతున్నాము.

మొదట, చాలామంది శాఖలకు వచ్చి అడిగిన ప్రశ్నకు సమాధానం. మీ డబ్బు భద్రంగా ఉంది. బ్యాంకు ఆర్థికంగా ఇబ్బందుల్లో పడి సేవలు ఆపలేదు, రిజర్వు బ్యాంకు మన మీద ఎలాంటి ఆంక్షలూ పెట్టలేదు, ఇది సైబర్ దాడి కూడా కాదు. సహకార బ్యాంకు తలుపు దగ్గర జనం గుమిగూడితే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ భయం అర్థం చేసుకోదగినదే. మన బ్యాంకులోని డిపాజిట్లకు డీఐసీజీసీ బీమా ఉంది. అసలు, వడ్డీ కలిపి ఒక్కొక్క డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు ఆ రక్షణ వర్తిస్తుంది.

ఏం జరిగింది

మన ఖాతాల లెక్కలన్నీ నడిచే పాత సర్వరు స్థానంలో కొత్త సర్వరు పెట్టే పనిని ఆగస్టు 31 ఆదివారం రాత్రి 11 గంటలకు మొదలుపెట్టాము. తెల్లవారుజామున సరిచూస్తే, ఆదివారం సాయంత్రం తరువాత జరిగిన యూపీఐ, ఏటీఎం లావాదేవీలు కొన్ని కొత్త సర్వరులోకి చేరలేదని తేలింది. అంటే కొన్ని ఖాతాల్లో నిల్వలు తప్పుగా కనిపిస్తున్నాయి. తప్పు లెక్కల మీద చెల్లింపులు జరిగితే నష్టం ఇంకా పెరుగుతుందని 6.40 గంటలకు సేవలన్నీ ఆపేశాము. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాము.

లోపం ఆ తరువాతి మెట్టులో ఉంది. ఇలాంటప్పుడు రెండు గంటల్లో పాత సర్వరుకు తిరిగి వెళ్లవచ్చని మా ప్రణాళికలో రాసుకున్నాము, కానీ ఆ తిరుగు ప్రయాణాన్ని ముందుగా ఒక్కసారి కూడా సాధన చేసి చూడలేదు. తీరా వెళ్లబోతే ఆదివారం రాత్రి తీసిన బ్యాకప్ అసంపూర్ణంగా ఉంది. దాంతో శనివారం రాత్రి బ్యాకప్‌ను తీసుకుని, ఆదివారం జరిగిన ప్రతి లావాదేవీని యూపీఐ, ఏటీఎం రికార్డుల నుంచి మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. రెండు రోజులు పట్టింది అందుకే.

ఈ పని చేసిన సాఫ్ట్‌వేర్ సంస్థ వైపు లోపాలు ఉన్నాయి. వాటిని ఆ సంస్థతో మేము తేల్చుకుంటాము. ఆ సంస్థను ఎంచుకున్నది మేము. బ్యాకప్ సరిగా ఉందో లేదో చూడకుండా పని మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చింది మేము. అన్నిటికీ మించి, జీతాలు, పెన్షన్లు, అద్దెలు, రుణ వాయిదాలు అన్నీ కలిసివచ్చే ఒకటో తేదీకి ముందు రాత్రిని ఈ పనికి ఖరారు చేసింది కూడా మేమే. ఆ తేదీ మీద సంతకం నాది.

సమాచారం విషయంలో కూడా మీకు అన్యాయం జరిగింది. సోమవారం మూడుసార్లు "ఒక గంటలో సేవలు పునరుద్ధరిస్తాము" అని ఎస్సెమ్మెస్ పంపాము. అప్పటికి సమస్య ఎంత లోతుగా ఉందో మాకే తెలియదు, అయినా గడువు చెప్పాము. ఆ మాట నమ్మి ఏటీఎం దగ్గర ఎండలో నిలబడినవారు, వేరేచోట అప్పు అడగకుండా ఎదురుచూసినవారు ఎందరో ఉన్నారు. పాసుబుక్కు చూసి చేతిరాత రసీదు మీద 5,000 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు మంగళవారం మధ్యాహ్నం కాకుండా సోమవారం ఉదయమే చేసి ఉండవలసింది.

ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లలో మన బ్యాంకు ఖాతా పెట్టుకున్నవారికి వచ్చిన ఆటంకానికి కారణం కూడా మనమే, ఆ యాప్‌లు కావు.

మీ డబ్బు, మీ పరిహారం

సేవలు ఆగిన సమయంలోను, తిరిగి మొదలైన తొలి గంటల్లోను 2,316 లావాదేవీల్లో ఖాతాలో డబ్బు తగ్గి, అవతలివారికి చేరలేదు. వాటిలో 2,279 లావాదేవీల సొమ్ము సెప్టెంబరు 6 నాటికి తిరిగి జమ అయింది. మిగిలిన 37 మందికి శాఖ మేనేజర్లు స్వయంగా ఫోను చేస్తున్నారు. శుక్రవారం, 12వ తేదీ లోపల అవి కూడా జమ అవుతాయి.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐలో ఒకరి నుంచి మరొకరికి పంపిన డబ్బు చేరకపోతే లావాదేవీ జరిగిన మరుసటి రోజు లోపల తిరిగి రావాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. దుకాణాలకు చేసిన యూపీఐ చెల్లింపులకు, ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గిన సొమ్ముకు ఆ గడువు ఐదు రోజులు. ఈసారి మేము ఆ తేడా చూడడం లేదు. అన్ని రకాల లావాదేవీలకు మరుసటి రోజు గడువునే లెక్కిస్తాము. ఉదాహరణకు 1వ తేదీన తగ్గిన డబ్బు 5వ తేదీన తిరిగి వచ్చి ఉంటే 3, 4, 5 తేదీలకు 300 రూపాయలు వస్తాయి. దీనికోసం మీరు దరఖాస్తు పెట్టనవసరం లేదు. సెప్టెంబరు 10న పరిహారం నేరుగా ఖాతాలో పడుతుంది, పాసుబుక్కులో UPI DELAY COMP లేదా ATM DELAY COMP అని ముద్రితమవుతుంది. మిగిలిన 37 మందికి అసలు సొమ్ముతో పాటే వస్తుంది.

ఆ మూడు రోజుల్లో మన ఖాతా నుంచి వెళ్లవలసిన రుణ వాయిదా లేదా బీమా ప్రీమియం వెనక్కి వెళ్లి ఉంటే మేము విధించే రుసుము ఉండదు, ఇప్పటికే తీసుకున్నది తిరిగి వేస్తున్నాము. అవతలి సంస్థ వేసిన జరిమానాను కూడా మేమే భరిస్తాము. ఆ సంస్థ ఇచ్చిన రసీదు గాని, ఎస్సెమ్మెస్ గాని శాఖలో చూపితే మూడు పనిదినాల్లో ఖాతాలో వేస్తాము. మీ రుణ చరిత్రలో ఆలస్యం నమోదవుతుందన్న ఆందోళన ఉంటే, తప్పు బ్యాంకుదని ధ్రువీకరించే లేఖ అదే రోజు ఇస్తాము. నమోదును సరిచేసే అధికారం రుణం ఇచ్చిన సంస్థదే కాబట్టి ఫలితానికి హామీ ఇవ్వలేము. అవసరమైతే ఆ సంస్థతో మా అధికారి మాట్లాడతారు.

దయచేసి ఒక్క పని చేయండి. ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 4 వరకు మీ ఖాతాలోని ప్రతి నమోదును సరిచూసుకోండి. మా వైపు నుంచి శనివారం ముగింపు నిల్వలతో అన్ని ఖాతాలను సరిపోల్చాము. అయినా మీ కంటికి కనిపించేది మా లెక్కకు అందకపోవచ్చు. ఒక్క రూపాయి తేడా ఉన్నా చెప్పండి. సెప్టెంబరు 20 వరకు ప్రతి శాఖలో ఇందుకోసమే ఒక కౌంటరు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 గంటల వరకు పనిచేస్తుంది. రెండో శనివారం, 13వ తేదీన కూడా తెరిచే ఉంటుంది. పెద్దవారు, నడవలేనివారు పాసుబుక్కు మొదటి పేజీలో ఉన్న శాఖ నంబరుకు ఫోను చేస్తే సిబ్బంది ఇంటికి వస్తారు.

ఇలాంటి సమయాన్ని మోసగాళ్లు వాడుకుంటారు. "మీ డబ్బు తిరిగి వేస్తాము, ఓటీపీ చెప్పండి" అని ఎవరు ఫోను చేసినా చెప్పవద్దు. ఆ 37 మందికి ఫోను చేస్తున్న మా మేనేజర్లు కూడా ఓటీపీ గాని పిన్ గాని అడగరు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ నొక్కవలసిన అవసరమే లేదు. ఇప్పటికే ఎవరైనా మోసపోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి, తరువాత మాకు తెలపండి.

ఇకపై ఏం మారుతుంది

సర్వరు మార్చే పని ఇంకా మిగిలే ఉంది. ప్రస్తుతం మళ్లీ పాత సర్వరు మీదే నడుస్తున్నాము, దాన్ని ఎప్పటికీ కొనసాగించలేము. అయితే వచ్చే జనవరికి ముందు ఆ పని చేపట్టము. చేపట్టే ముందు, వెనక్కి వెళ్లే ప్రక్రియను మొదటి నుంచి చివరి వరకు నడిపి చూస్తాము. అది విజయవంతమైందని బయటి ఆడిటరు రాసి ఇచ్చిన తరువాతే తేదీ నిర్ణయిస్తాము. ఏ నెలలోనైనా 25 నుంచి మరుసటి నెల 7 వరకు ఇటువంటి పనులు జరగవు. తేదీని మీకు పదిహేను రోజుల ముందే తెలియజేస్తాము.

ఇకనుంచి బ్యాకప్‌ను నెలకొకసారి నిజంగా తెరిచి, లెక్కలు సరిపోతున్నాయో లేదో చూస్తాము. సేవలు గంటకు మించి ఆగితే శాఖల్లో చేతిరాత రసీదు మీద నగదు ఇవ్వడం వెంటనే మొదలవుతుంది, దానికి ప్రధాన కార్యాలయం అనుమతి కోసం మేనేజర్లు ఎదురుచూడరు. సేవలు తిరిగి వచ్చేవరకు రెండు గంటలకొకసారి మీకు ఎస్సెమ్మెస్ వస్తుంది. గడువు తెలియకపోతే తెలియదనే రాస్తాము.

ఈ ఘటన మీద ఆడిటరు ఇచ్చే నివేదికను సెప్టెంబరు 30న అన్ని శాఖల నోటీసు బోర్డుల మీద తెలుగులో ఉంచుతాము.

మా సమాధానం మీకు తృప్తి కలిగించకపోతే, లేదా ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో మేము పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించే హక్కు మీకు ఉంది. cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు. శాఖలో ఫిర్యాదు ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తప్పక అడిగి తీసుకోండి, అక్కడ అది అవసరమవుతుంది.

కౌంటర్లలో ఆ మూడు రోజులు మా సిబ్బంది మీకు సరైన జవాబు ఇవ్వలేకపోయారంటే, వారికి ఆ జవాబు ఇవ్వనిది ప్రధాన కార్యాలయమే. మీ కోపం నాతో చెప్పండి. ఈ వారం సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ సాయంత్రం 4 నుంచి 6 గంటల దాకా ప్రధాన శాఖలో కింది అంతస్తులోనే ఉంటాను. ముందుగా సమయం తీసుకోనవసరం లేదు.

మిగిలిన 37 లావాదేవీల గురించి 12వ తేదీ సాయంత్రం 6 గంటలకు మీ అందరికీ మళ్లీ సమాచారం పంపుతాము.

ముఖ్య కార్యనిర్వహణాధికారి
ప్రధాన కార్యాలయం